ఫొటోల్లో వోచర్లు, రిజిస్టరులో లెక్క

పెట్టీ క్యాష్ వోచరు అరచేయంత కాగితం. పైన ఒక మూల నంబరు, పక్కన తేదీ, కింద సొమ్ము ఎవరికిచ్చారు, దేనికిచ్చారు, ఎంతిచ్చారు అన్న వరసలు ఉంటాయి. మొత్తాన్ని ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో రాస్తారు. అడుగున మూడు సంతకాలకు చోటు ఉంటుంది: వోచరు రాసినవారిది, మంజూరు చేసినవారిది, సొమ్ము పుచ్చుకున్నవారిది. ప్లంబరు కూలీ, ఆటో కిరాయి, ఫినాయిలు సీసా, మీటింగుకు తెప్పించిన టీలు, ఇలా చెక్కు రాయడానికి తగనంత చిన్న ఖర్చులన్నీ ఈ కాగితాల మీదే నడుస్తాయి.

పుస్తకం ఒక ఊళ్లో, లెక్క రాసే మనిషి మరో ఊళ్లో ఉండటం ఇప్పుడు మామూలైంది. నెలాఖరున కోశాధికారి ఫోనుతో వోచర్లన్నిటినీ ఫొటోలు తీసి పంపుతాడు. అవతలివారు వాటిని చూస్తూ కంప్యూటరులోని రిజిస్టరులోకి ఎక్కిస్తారు. పని చూడటానికి తేలిక. కానీ పుస్తకాన్ని చేత్తో తిరగేస్తే దానంతట అదే తెలిసిపోయే సంగతులు కొన్ని ఫొటోలో తెలియవు. మధ్యలో చిరిగిన ఆకు ఉందా, రెండు ఆకులు అంటుకున్నాయా, చివరి వోచరు తర్వాత ఇంకేమైనా రాశారా అన్నవి అలాంటివి. అందుకే ఫొటోల నుంచి లెక్క ఎక్కించేటప్పుడు నంబర్లు, సంతకాలు, నిల్వ అనే మూడు తనిఖీలు విడివిడిగా చేయాలి. ఒకటి పట్టుకునే తప్పు రెండోదానికి చిక్కదు.

ఒక ఉదాహరణ పెట్టుకుని వెళితే పని స్పష్టంగా కనిపిస్తుంది. నలభై ఫ్లాట్లున్న ఒక అపార్టుమెంటు సంఘం ఉందనుకుందాం. కోశాధికారి దగ్గర చిల్లర ఖర్చులకు 10,000 రూపాయలు ఉంచుతారు. నెలంతా అందులోంచే ఖర్చుపెడతాడు. నెలాఖరున ఎంత ఖర్చయిందో అంతకే చెక్కు ఇచ్చి పెట్టెను మళ్లీ 10,000కు నింపుతారు. అకౌంటెంట్లు దీన్ని ఇంప్రెస్ట్ పద్ధతి అంటారు. దీనిలో ఉన్న సుఖం ఏమిటంటే, నెలలో ఏ రోజు ఏ గంటకు చూసినా పెట్టెలోని నగదు, అప్పటిదాకా రాసిన వోచర్ల మొత్తం కలిపితే సరిగ్గా 10,000 రావాలి. ఏప్రిల్ నెలలో ఆ సంఘం వాడిన వోచర్లు 151 నుంచి 174 వరకు.

మొదటి జాగ్రత్త ఫొటోల దగ్గరే. వోచరును బల్ల మీద పరిచి, కిటికీ వెలుతురులో, నేరుగా పైనుంచి తీయాలి. పక్కనుంచి తీస్తే అంకెలు సాగిపోతాయి, ఫ్లాష్ వేస్తే నిగనిగలాడే కాగితం మీద సగం సంతకం తెల్లబడిపోతుంది. నాలుగు మూలలూ ఫొటోలో పడాలి, ఎందుకంటే నంబరు ఉండేది ఒక మూలనే. వోచరుకు బిల్లు గుండుసూదితో గుచ్చి ఉంటే అది ఎక్కువగా సంతకం ఉన్నచోటే కప్పేస్తుంది కాబట్టి బిల్లు తీసి ఒకటి, బిల్లుది ఒకటి, రెండు ఫొటోలు కావాలి. రంగుల్లోనే తీయాలి. స్కానర్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేయడానికి నలుపు-తెలుపుగా మార్చేస్తాయి. దాంతో నీలి సిరాతో రాసిన 140ని నల్ల సిరాతో 1140 చేసిన సంగతి మాయమైపోతుంది.

చాలామంది మరిచిపోయే ఫొటోలు రెండున్నాయి. ఒకటి కిందటి నెల చివరి వోచరుది, అంటే ఇక్కడ 150. రెండోది ఇంకా రాయని మొదటి ఖాళీ వోచరుది, అంటే 175. ఈ రెండూ ఉంటేనే నెల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 174తో ఆగిందని కోశాధికారి చెప్పడం వేరు, 175 ఖాళీగా కనిపించడం వేరు.

పంపే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది. లేత పెన్సిలు గీతలు, కార్బన్ రాతలు అక్కడే పోతాయి. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది. చేరిన ఫైలు పేరు `IMG-20250502-WA0007` లాగా ఉంటే, అందులోని తేదీ ఫొటో చేరవేసిన రోజుదే తప్ప వోచరుది కాదు. దింపుకోగానే ప్రతి ఫైలుకూ వోచరు నంబరునే పేరుగా పెడితే, అంటే `158.jpg` అని పెడితే, సగం గందరగోళం అప్పుడే తీరిపోతుంది. పేర్లు పెడుతున్నప్పుడే లేని నంబరు చాలాసార్లు బయటపడుతుంది కూడా.

ఇక ఎక్కించడం. రిజిస్టరులో వోచరుకు ఒక వరుస. నంబరు, తేదీ, సొమ్ము పుచ్చుకున్నవారు, వివరం, మొత్తం, నిల్వ, సంతకాలు, రిమార్కు అన్నవి నిలువు గళ్లు. నియమం ఒక్కటే: కాగితం మీద ఉన్నదే ఎక్కాలి, ఉండాల్సింది కాదు. తేదీ తప్పనిపిస్తే తప్పుగానే ఎక్కించి రిమార్కులో రాయాలి. అంకె చదవలేకపోతే ఊహించి వేయకూడదు. గడిని ఖాళీగా వదిలి 'చదవలేకపోయాం' అని రాసి, మళ్లీ ఫొటో అడగాలి. ఊహించి వేసిన అంకెకు ఒక ప్రమాదం ఉంది. ఒకసారి టైపయ్యాక అది కూడా మిగతా అంకెల్లాగే నమ్మకంగా కనిపిస్తుంది, దాన్ని మళ్లీ ఎవరూ అనుమానించరు.

చేతిరాతలో తడబడే అంకెలు దాదాపు అందరివీ ఒకటే. 1, 7 ఒకదానిలా ఒకటి ఉంటాయి. తొందరలో రాసిన 4 తొమ్మిదిలా కనిపిస్తుంది, 3 ఎనిమిదిలా కనిపిస్తుంది, తోక సాగిన సున్నా ఆరైపోతుంది. మన వాడుకలో మరో చిక్కు ఉంది. మొత్తం చివర గీతా అడ్డగీతా పెట్టి 120/- అని రాస్తాం. ఆ గీత నిటారుగా పడితే టైపు చేసేవారికి 1201గా కనబడుతుంది. కొందరు 350=00 అని రాస్తారు, మరికొందరు 350.00 అని. ఫొటోలో చుక్క కనిపించకపోతే మూడు వందల యాభై కాస్తా ముప్పై అయిదు వేలవుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే దొరుకుతుంది కనుక దాంతో భయం లేదు. భయపడాల్సింది 540 కాస్తా 450 అయ్యే తప్పుకు. అది చూడటానికి సబబుగానే ఉంటుంది.

దీనికి విరుగుడు వోచరులోనే ఉంది. అక్షరాల్లో రాసిన వరస అందుకే పెట్టారు. అంకె చూసి టైపు చేశాక, సరిచూసేటప్పుడు అంకె వైపు మళ్లీ చూడకుండా అక్షరాల వరసే చదవాలి. 'అయిదు వందల నలభై రూపాయలు మాత్రమే' అని చదివిన కన్ను తెర మీద 450ని ఒప్పుకోదు. అదే అంకెను రెండోసారి చూస్తే, మొదటిసారి పొరపాటు పడిన కన్ను రెండోసారీ అదే పొరపాటు పడే అవకాశం ఎక్కువ. ఇద్దరు మనుషులుంటే ఒకరు ఫొటోలోని అక్షరాల వరస పైకి చదువుతుంటే రెండోవారు రిజిస్టరులో వేలు పెట్టి చూసుకోవడం ఇంకా మంచిది. అంకెలకు, అక్షరాలకు పొంతన లేకపోతే ఏది సరైనదో ఎక్కించేవారు తేల్చకూడదు. రెండూ రిమార్కులో రాసి, బిల్లు చూపించమని అడగాలి.

తేదీల్లో కంప్యూటరు చేసే అల్లరి ఒకటుంది. ఏప్రిల్ మూడో తేదీని మనం 03/04 అని రాస్తాం. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. 13/04 దగ్గరకొచ్చేసరికి పదమూడో నెల లేదు గనుక దాన్ని తేదీగా కాక ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది. ఎక్సెల్‌లో తేదీల గళ్లలో కొన్ని కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు ఒరిగి కనిపిస్తే ఇదే జరిగిందని గుర్తు. నెలను అక్షరాల్లో చూపే పద్ధతి పెట్టుకుంటే ఈ తప్పు కంటపడకుండా దాక్కోలేదు.

మొదటి తనిఖీ నంబర్లది. 151 నుంచి 174 వరకు ఎన్ని వోచర్లని అడిగితే చాలామంది ఠక్కున 23 అంటారు. నిజానికి 24. చివరిదాంట్లోంచి మొదటిది తీసేసి ఒకటి కలపాలి. రిజిస్టరులో కూడా 24 వరుసలుండాలి. వరుసలు లెక్కపెడితే సరిపోతుందనుకోవచ్చు గానీ, ఒక నంబరు తప్పిపోయి మరొకటి రెండుసార్లు ఎక్కితే ఆ లెక్క కూడా సరిపోయినట్టే ఉంటుంది. అంతకంటే నమ్మకమైనది ప్రతి నంబరును దాని పైదానితో పోల్చడం. నంబర్లు A నిలువులో మూడో వరుస నుంచి మొదలైతే, పక్కన ఒక ఖాళీ నిలువులోని నాలుగో వరుసలో ఇలా రాసి కిందికి లాగాలి:

```
=A4-A3
```

అన్నిచోట్లా 1 రావాలి. 2 వస్తే మధ్యలో ఒకటి లేదు. 0 వస్తే ఒకటి రెండుసార్లు ఎక్కింది.

మన ఉదాహరణలో 164 దగ్గర 2 వచ్చింది. అంటే 163 లేదు. ఫొటోల గుట్టలోనూ లేదు. కోశాధికారికి ఫోను చేస్తే పుస్తకం తెరిచి చూశాడు. 162కు గుచ్చిన బిల్లు 163కు కూడా పట్టుకుని రెండాకులూ ఒకటిగా తిరిగాయి. ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన 350 రూపాయలు ఆ మడతలో ఉండిపోయాయి. తప్పిపోయిన నంబరుకు చాలాసార్లు కారణం ఇంత చిన్నదే. అయినా కారణం కాగితం మీద చూశాకే వరుస నింపాలి. 'ఎలక్ట్రీషియన్‌ది అయ్యుంటుంది' అన్న మాటతో నింపకూడదు.

రద్దయిన వోచరు మరో రకం ఉచ్చు. రాయడంలో పొరపాటు జరిగితే వోచరును చింపేయకుండా, అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. రిజిస్టరులో కూడా దానికి ఒక వరుస ఉండాలి. మొత్తం దగ్గర సున్నా, రిమార్కులో రద్దు అన్న మాట. అలా కాకుండా రద్దు వోచరును వదిలేస్తే నంబరు తనిఖీలో గండి పడుతుంది. మామూలు ఖర్చుగా ఎక్కిస్తే లేని ఖర్చు పుడుతుంది. ఏప్రిల్ పుస్తకంలో 167, 168 రెండూ ప్లంబరు పేరు మీదే, రెండూ 280 రూపాయలకే ఉన్నాయి. 167లో తేదీ తప్పు పడి కోశాధికారి పెన్సిలుతో ఒక్క గీత కొట్టి 168 రాశాడు. ఆ గీత ఫొటోలో ఉందా లేదా అన్నట్టు ఉంది. టైపు చేసినవారు రెండూ ఎక్కించేశారు. పక్కపక్క నంబర్లు, అదే మనిషి, అదే మొత్తం కనిపిస్తే ఫొటోను పెద్దది చేసి చూడటం అలవాటు కావాలి. అయితే అలాంటి జంట ప్రతిసారీ రద్దుకే గుర్తు కాదు. కోశాధికారి సొంతంగా 1,000 రూపాయల వరకే ఇవ్వొచ్చన్న కట్టుబాటు ఉన్నచోట, ఒకే రోజు ఒకే దుకాణానికి 900 ఒకటి, 850 ఒకటి కనిపిస్తే అది ఒక బిల్లును రెండుగా చీల్చిన గుర్తు కావొచ్చు.

నంబర్లతో పాటే తేదీలూ చూడాలి. నంబరు పెరిగేకొద్దీ తేదీ ముందుకే పోవాలి. 159 పన్నెండో తేదీది, 160 తొమ్మిదో తేదీది అయితే ఎవరో వెనక తేదీ వేశారు, లేదా ఒక ఆకు ఖాళీగా వదిలి తర్వాత నింపారు, లేదా టైపులో పొరపాటు పడింది. ఈ మూడింటిలో మూడోదే ఎక్కువ. అందుకని ముందు ఫొటో చూసి, తర్వాత మనిషిని అడగాలి. ఈ తనిఖీలన్నీ నంబర్లు అచ్చులో ఉన్న పుస్తకానికే గట్టిగా పనిచేస్తాయి. దుకాణాల్లో దొరికే చవక ప్యాడ్లలో నంబరు గడి ఖాళీగా ఉంటుంది, రాసేవారే వేసుకోవాలి. అలాంటప్పుడు నంబర్ల వరస చక్కగా ఉన్నా అది పెద్ద సాక్ష్యం కాదు. ఒక ఆకు పారేసి తర్వాతిదానికి అదే నంబరు వేసుకోవచ్చు.

సంతకాల తనిఖీ అనగానే దస్తూరి నిపుణుల పని గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు, ఫొటో చూసి అది చేయనూ కూడదు. కలం ఎంత నొక్కి రాశారో, కాగితం వెనక గాడి పడిందో ఫొటో చెప్పదు. ఇక్కడ చూడాల్సింది మూడు చోట్లా సంతకం ఉందా, ఎలాంటిది ఉంది, ఎవరిదని రాసి ఉంది అన్నంత మటుకే. రిజిస్టరులో ఊరికే టిక్కు పెట్టకుండా సంతకం, పొడి సంతకం, వేలిముద్ర, లేదు అని నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాస్తే తర్వాత చూసేవారికి పనికొస్తుంది. వేలిముద్ర ఉంటే పక్కన అది ఎవరిదో పేరు, సాక్షి సంతకం ఉండాలి. పేరు లేని వేలిముద్ర ఎవరిదైనా కావొచ్చు. సొమ్ము 5,000 రూపాయలు దాటితే పుచ్చుకున్నవారి సంతకం ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు మీదుగా పడాలి. చిల్లర ఖర్చుల్లో ఆ అవసరం అరుదు.

లేని సంతకం కంటే ఉన్న సంతకాల్లోనే ఎక్కువ సంగతులుంటాయి. మంజూరు చేసినవారు, పుచ్చుకున్నవారు ఒకరే అయితే ఆ వోచరును ఎవరూ తనిఖీ చేయనట్టే. కోశాధికారి తన బండి పెట్రోలుకు తానే రాసుకుని, తానే మంజూరు చేసుకుని, తానే పుచ్చుకున్న వోచరు ఇలాంటిది. అందులో మోసం ఉందని కాదు. కార్యదర్శి సంతకం ఒకటి కావాలి, అంతే. ఫొటోలన్నిటినీ చిన్నవి చేసి తెర మీద పక్కపక్కన పరిస్తే ఇంకొకటి తెలుస్తుంది. కూరగాయలవాడు, ఎలక్ట్రీషియను, చెత్త బండివాడు ముగ్గురి సంతకాలూ ఒకే ఒరవడిలో, ఒకే సిరాతో ఉంటే అది ఆకు ఆకుగా చూసినప్పుడు కనిపించదు, ఒక్కచోట చూస్తేనే కనిపిస్తుంది. కనిపించినదాన్ని 'ఒకేలా ఉన్నాయి, విచారించాలి' అని రాయడం వరకే ఎక్కించేవారి పని. దొంగ సంతకమని రాయడానికి వారికి ఆధారమూ లేదు, అధికారమూ లేదు.

ఏప్రిల్ వోచర్లలో 171 నీళ్ల ట్యాంకరుది, 900 రూపాయలు. మంజూరు సంతకం ఉంది, పుచ్చుకున్నవారి చోటు ఖాళీ. బిల్లు కూడా లేదు. డ్రైవరు తొందరలో వెళ్లిపోయాడని కోశాధికారి చెప్పాడు. కావొచ్చు. ఇలాంటి వోచరును మొత్తంలోంచి తీసేయాలని కొందరికి అనిపిస్తుంది. తీసేయకూడదు. పెట్టెలోంచి డబ్బు వెళ్లిందని పుస్తకం అంటోంది గనుక అది రిజిస్టరులో ఉండి తీరాలి. కాకపోతే 'సంతకం లేదు, బిల్లు లేదు' అన్న గుర్తుతో ఉండాలి. ఖర్చు జరిగిందా అన్నది ఒక ప్రశ్న, రుజువు ఉందా అన్నది మరో ప్రశ్న. రెండిటినీ ఒక్క గడిలో కలిపేస్తే నిల్వ లెక్క చెడిపోతుంది.

నిల్వను చివరికి ఉంచడానికి కారణముంది. నిల్వ అనేది మిగతా తప్పులన్నీ వచ్చి కలిసే చోటు. ముందే అక్కడికి పోతే ఏ తేడా దేనివల్ల వచ్చిందో విడదీయలేం. ఇదే ఏప్రిల్ లెక్కను నంబర్లు చూడకుండా నేరుగా నిల్వతో మొదలుపెడితే ఏమయ్యేదో చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

టైపు చేసిన మొదటి ప్రతిలో వోచర్ల మొత్తం 8,105. అంటే పెట్టెలో 1,895 ఉండాలి. కోశాధికారి నోట్లు లెక్కపెట్టి పంపిన చీటీలో అయిదు వందలవి రెండు, రెండు వందలవి రెండు, వందలు రెండు, యాభై ఒకటి, ఇరవైలు మూడు, పదులు రెండు, చిల్లర అయిదు రూపాయలు ఉన్నాయి. వెరసి 1,735. పెట్టెలో 160 తక్కువ. ఈ దశలో కోశాధికారి జేబులోంచి 160 వేసి సర్దేయడమో, 'ఇతర ఖర్చులు 160' అని ఒక వరుస కలిపేయడమో చాలాచోట్ల జరుగుతుంది. అలా చేస్తే మూడు వేర్వేరు తప్పులు ఒక్క 160 కింద సమాధి అయిపోతాయి.

తప్పిపోయిన 163ను ఎక్కిస్తే మొత్తం 8,455 అయింది, ఉండాల్సిన నిల్వ 1,545కు దిగింది. ఇప్పుడు పెట్టెలో 190 ఎక్కువ. తప్పు సరిదిద్దితే తేడా తగ్గాలి గానీ ఇలా పెరగడమేమిటని కంగారుపడి, ఎక్కించింది తీసేసేవాళ్లున్నారు. కాగితం చూసి ఎక్కించినదాన్ని తేడా పెరిగిందని వెనక్కి తీయకూడదు. తర్వాత రద్దయిన 167ను సున్నా చేస్తే మొత్తం 8,175కు వచ్చింది, నిల్వ 1,825. పెట్టెలో 90 తక్కువ.

తొంభై తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. ఒక సంఖ్యలో పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. 54కు 45కు తేడా 9, 540కి 450కి తేడా 90, 82కు 28కి తేడా 54. పదుల స్థానంలోని అంకె ఒకట్ల స్థానానికి వస్తే దాని విలువ పది రెట్ల నుంచి ఒక రెట్టుకు పడుతుంది, అంటే తొమ్మిది రెట్లు పోతుంది. రెండో అంకె అదే లెక్కన తొమ్మిది రెట్లు పెరుగుతుంది. కాబట్టి తేడా తొమ్మిది గుణకమే అవుతుంది. తేడా తొమ్మిదితో పోయిందంటే తారుమారు జరిగే తీరిందని కాదు, ముందు అక్కడ వెతకమని మాత్రమే. ఒక సున్నా ఎక్కువ పడినా, తక్కువ పడినా ఇదే గుర్తు కనిపిస్తుంది. 90 తేడా రావాలంటే మారింది వందల, పదుల అంకెలే, అవి ఒకదానికొకటి ఒక్కటే తేడాలో ఉండాలి. అలాంటివి నెల మొత్తంలో నాలుగైదు వరుసలకు మించవు. 158లో బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు కలిపి 540, రిజిస్టరులో 450. ఫొటోలో అక్షరాల వరస చదవగానే తేలిపోయింది. మొత్తం 8,265, నిల్వ 1,735. పెట్టెలోనూ అంతే.

మొదట్లో కనిపించిన 160 తొమ్మిదితో పోదు. అప్పుడే ఈ చిట్కా పట్టుకుని కూర్చుంటే అంకెల తారుమారు లేదని అనుకునేవారు. తప్పులు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకున్నందువల్ల అసలు జాడ చెరిగిపోయింది. నంబర్ల తనిఖీ ముందు పూర్తయితేనే ఈ చిట్కాకు పని ఉంటుంది.

నెల చివరి నిల్వే కాదు, వరుస వరుసకూ నిల్వ చూపించడం ఇంకా మంచిది. పై వరుస నిల్వలోంచి ఈ వరుస ఖర్చు తీసేస్తే ఈ వరుస నిల్వ:

```
=F2-E3
```

ఈ నిలువులో ఎక్కడైనా సున్నా కిందికి పోతే ఆగాలి. పెట్టెలో లేని డబ్బును ఎవరూ ఇవ్వలేరు. పైసా ఎక్కడిదని అడిగితే మధ్యలో వచ్చిన జమ ఎక్కకపోవడమో, తేదీ తప్పడమో, కోశాధికారి సొంత డబ్బు పెట్టి తర్వాత తీసుకోవడమో బయటికొస్తుంది. పెట్టెలో ఉండే చేబదులు చీటీలు కూడా నిల్వను తప్పుదారి పట్టిస్తాయి. వాచ్‌మన్‌కు జీతం ముందుగా 500 ఇచ్చి రాసుకున్న చీటీ నగదూ కాదు, వోచరూ కాదు. నోట్లతో కలిపి లెక్కపెట్టేస్తే లెక్క కుదిరినట్టే ఉంటుంది. దాన్ని విడిగా ఒక వరుసలో చూపి, వోచరు రాయించాలి.

నిల్వ పైసాతో సహా కుదిరినా తెలియని సంగతి ఒకటి మిగులుతుంది. జరగని పనికి నంబరు వేసి, సంతకం పెట్టించి, అంత డబ్బు తీసుకుంటే మూడు తనిఖీలూ దాన్ని దాటవేస్తాయి. నంబరు వరసలో ఉంటుంది, సంతకం ఉంటుంది, నగదు అంత మేరకు తగ్గి ఉంటుంది. దాన్ని పట్టుకోగలిగేది బిల్లు, ధర తెలిసిన మనిషి, మోటారు నిజంగా బాగైందా అని కిందికి దిగి చూసే కార్యదర్శి. రిజిస్టరు నుంచి ఆ పని ఆశించకూడదు.

ఏప్రిల్ లెక్క ముగిసినప్పుడు సంఘం కమిటీ 8,265కు కాక 7,365కే చెక్కు రాసింది. ట్యాంకరు 900 రుజువు వచ్చేదాకా ఆపింది. మే మొదటి రోజున పెట్టెలో 1,735కు 7,365 కలిపి 9,100 నగదు, పెండింగులో 900ల వోచరు ఒకటి. కలిపితే మళ్లీ 10,000. రెండో వారంలో ట్యాంకరు యజమాని బిల్లు ఇచ్చి, వోచరు మీద ఆ రోజు తేదీ వేసి సంతకం చేశాడు. కోశాధికారి దాన్ని కొత్తగా ఫొటో తీసి పంపాడు. అది `171-2.jpg` అన్న పేరుతో చేరింది, సంతకం లేని పాత `171.jpg` తన చోటే ఉంది. రిజిస్టరులో 171 వరుస సంతకం గడిలో 'లేదు' అన్నది కొట్టేయలేదు. పక్కన రిమార్కులో సంతకం అందిన తేదీ చేరింది, ఆపిన 900కు చెక్కు వెళ్లింది.